పేరు దగ్గర ఆగని నివేదిక

1999 సెప్టెంబరు 23. మన గడియారాల్లో మధ్యాహ్నం రెండున్నర దాటింది. అమెరికాలోని పాసడీనాలో అప్పుడు తెల్లవారుజాము రెండు గంటలు. అక్కడి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఇంజినీర్లు తెరల ముందు కూర్చుని ఉన్నారు. తొమ్మిది నెలలకు పైగా ప్రయాణించిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక ఆ వేళ అంగారకుడి చుట్టూ కక్ష్యలోకి మళ్ళాలి. ఇంజిన్ అనుకున్న సమయానికే మండింది. నౌక అంగారకుడి చాటుకు వెళ్ళాక కాసేపు సంకేతాలు అందవని అందరికీ తెలుసు. అయితే ఆ సంకేతం ఆగాల్సిన సమయానికన్నా 49 సెకన్లు ముందే ఆగిపోయింది. సుమారు ఇరవై నిమిషాలకు నౌక అవతలి వైపు నుంచి బయటికి రావాలి. రాలేదు. మళ్ళీ ఎన్నడూ దాని జాడ తెలియలేదు.

కొద్ది రోజుల్లోనే కారణం బయటపడింది. నౌక మీద చిన్న థ్రస్టర్లు మండినప్పుడల్లా అవి ఇచ్చిన తోపు ఎంతో లెక్కగట్టే ఒక కంప్యూటర్ ప్రోగ్రాం భూమ్మీద ఉంది. ఆ లెక్కను న్యూటన్-సెకన్లలో ఇవ్వాలని ఒప్పంద పత్రంలో రాసి ఉంది. ప్రోగ్రాం మాత్రం పౌండ్-సెకన్లలో ఇచ్చింది. ఒక పౌండు బలం దాదాపు 4.45 న్యూటన్లకు సమానం. ఆ అంకెల్ని న్యూటన్లే అనుకుని వాడుకున్న నావిగేషన్ బృందానికి ప్రతి తోపూ అసలుకన్నా నాలుగున్నర రెట్లు చిన్నదిగా కనిపించింది. నౌక అంగారకుడి ఉపరితలానికి 226 కిలోమీటర్ల ఎత్తున వెళ్ళాలని గురిపెట్టారు. తర్వాత లెక్కలు సరిచేసి చూస్తే అది 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయిందని తేలింది. 80 కిలోమీటర్ల కన్నా కిందికి దిగితే నౌక బతకదు.

ఇక్కడితో కథ చెప్పేయవచ్చు. చాలామంది అలాగే చెబుతారు కూడా. కొలతల్లో పొరపాటు పడ్డారు, కోట్ల డాలర్ల నౌక పోయింది అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ప్రోగ్రాం రాసిన వ్యక్తి ఎవరో కనిపెట్టి, పేరు రాసి, నివేదిక మూసేయడం ఎంతసేపు? నాసా నియమించిన విచారణ బోర్డు ఆ పని చేయలేదు. 1999 నవంబరు 10న ఆ బోర్డు ఇచ్చిన నివేదికలో కొలతల తేడాను మూల కారణంగా ఒక్క వాక్యంలో చెప్పి, దానికి తోడైన మరో ఎనిమిది కారణాలను వివరించారు. ప్రోగ్రాం ఫలానా మనిషి రాశాడని వేలెత్తి చూపలేదు. పని ముగిశాక రాసే సమీక్ష ఎలా ఉండాలో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు కనిపించలేదు. అందుకే ఆ ఎనిమిదింటిలో కొన్నింటినైనా నిదానంగా చూద్దాం.

ఒక తప్పు తొమ్మిది నెలలు ఎలా బతికింది

బోర్డు వేసుకున్న అసలు ప్రశ్న "తప్పు ఎవరు చేశారు?" కాదు. "ఆ తప్పు తొమ్మిది నెలల పాటు ఎవరి కంటా పడకుండా ఎలా ఉండగలిగింది?" అన్నది. ప్రశ్న మారగానే జవాబులూ మారిపోయాయి.

మొదటి సంగతి నౌక ఆకారం. అంతకు ముందు వెళ్ళిన మార్స్ గ్లోబల్ సర్వేయర్‌కు సౌర ఫలకాలు రెండు వైపులా సమానంగా ఉండేవి. ఈ నౌకకు ఒక్క వైపే ఉంది. గాలికి ఒంటి రెక్క గడియ తిరిగినట్టు, సూర్యకాంతి ఒత్తిడికి నౌక నెమ్మదిగా మెలితిరుగుతుంది. ఆ మెలికను లోపల తిరిగే చక్రాలు తమ వేగంలోకి తీసుకుంటాయి. చక్రాల వేగం హద్దు దాటకుండా అప్పుడప్పుడు థ్రస్టర్లు మండించి దాన్ని తగ్గించాలి. ఒంటి ఫలకం వల్ల ఈ పని నావిగేషన్ బృందం అనుకున్నదానికన్నా పది నుంచి పద్నాలుగు రెట్లు ఎక్కువసార్లు చేయాల్సి వచ్చింది. మండిన ప్రతిసారీ లెక్కలో చిన్న తేడా చేరింది. ఆ చిన్న తేడాలే పోగుపడి నౌకను దారి తప్పించాయి. ఈ బృందం నౌక రూపకల్పన సమీక్షల్లో లేదు. పాత నౌకలాంటిదే ఇదీ అనుకుంది.

రెండో సంగతి ఫైళ్ళు. ప్రయాణం మొదలైన మొదటి నాలుగు నెలలు ఆ ప్రోగ్రాం ఇచ్చే ఫైళ్ళు వేరే లోపాల వల్ల అసలు వాడటానికే పనికిరాలేదు. థ్రస్టర్లు ఎప్పుడెప్పుడు మండాయో గుత్తేదారు సంస్థ ఈమెయిల్‌లో తెలియజేస్తే, దాన్నిబట్టి బృందం సొంతంగా లెక్కలు వేసుకుంది. ఏప్రిల్‌లో ఫైళ్ళు బాగయ్యాయి. వారం తిరక్కుండానే అంకెల్లో ఏదో తేడా ఉందని తెలిసింది. కానీ ఆ తేడాను నిర్ధారించుకోవడం తేలిక కాలేదు. భూమి నుంచి చూసే రేడియో కొలతకు నౌక మనవైపు వస్తోందా, దూరంగా పోతోందా అన్నది బాగా తెలుస్తుంది. పక్కకు జరిగితే అంతగా తెలియదు. ఈ తోపులు ఎక్కువగా పక్కకే పడ్డాయి.

మూడో సంగతి నన్ను అన్నింటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది. అంకెలు కుదరడం లేదని బృందంలో కొందరికి అనుమానం వచ్చింది. వాళ్ళు చెప్పారు కూడా. అయితే మాటల్లో, ఈమెయిళ్ళలో చెప్పారు. అలాంటి అనుమానాలను నమోదు చేయడానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. నిర్ణీత ఫారంలో రాసి ఇస్తే, దానికి ఎవరో ఒకరు జవాబు చెప్పి మూసేదాకా అది తెరిచే ఉంటుంది. ఆ ఫారం ఎవరూ నింపలేదు. మాటల్లో వచ్చిన అనుమానం మాటల్లోనే కరిగిపోయింది. అప్పుడు ఆ బృందం ఒకేసారి మూడు అంగారక యాత్రల పని చూస్తోంది.

చివరి సంగతి, చేతికందిన ఆఖరి అవకాశం. సెప్టెంబరు 15న నాలుగోసారి దారి సరిదిద్దారు. ఆ తర్వాతి రోజుల్లో వేసిన అంచనాలు 226 కాదు, 150 నుంచి 170 కిలోమీటర్లు అని చెప్పాయి. కక్ష్యలోకి మళ్ళే ముందురోజు అంచనా ఇంకా తగ్గి 110కి వచ్చింది. అవసరమైతే అయిదోసారి దారి సరిదిద్దుకునే వెసులుబాటు ప్రణాళికలో ఉంది. దాని గురించి చర్చ జరిగింది. కానీ ఎలాంటి పరిస్థితిలో దాన్ని వాడాలి, ఎవరు నిర్ణయించాలి అన్నది ముందుగా తేల్చి పెట్టుకోలేదు. చివరికి అయిదో దిద్దుబాటు జరగలేదు.

ఇప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. ప్రోగ్రాం రాసిన మనిషి పేరు తెలిస్తే వీటిలో ఏ ఒక్కటైనా బాగుపడుతుందా? ఆ మనిషిని తీసేసి ఇంకొకరిని పెట్టినా ఫైళ్ళను మొదటి నుంచి చివరిదాకా పరీక్షించే ఏర్పాటు రాదు. ఫారం నింపే అలవాటు రాదు. అయిదో దిద్దుబాటుకు నియమం రాదు. తప్పు చేసేది మనిషే, కాదనలేం. కానీ తప్పును పట్టుకోవాల్సిన జల్లెడకు ఎక్కడెక్కడ చిల్లులున్నాయో చెప్పేదే సమీక్ష. పేరు దొరకగానే మన మనసు తృప్తిపడి వెతకడం మానేస్తుంది. చిల్లులు అలాగే ఉండిపోతాయి.

వాక్యంలోనే ఉంది తీర్పు

నిందించకూడదని అందరం ఒప్పుకుంటాం. రాయడానికి కూర్చుంటే మాత్రం నింద మనకు తెలియకుండానే వాక్యంలో దూరుతుంది. ఒక చిన్న ఉదాహరణ ఊహించుకుందాం. ఒక పాఠశాల గ్రంథాలయాన్ని జూన్‌లో పాత భవనం నుంచి కొత్త భవనానికి మార్చారు. మూడు పెట్టెల పుస్తకాలు వానకు తడిసి పాడయ్యాయి. పని ముగిశాక సమీక్ష రాయాలి.

మొదటిగా కలం కిందికి వచ్చే వాక్యం ఇలా ఉంటుంది: "అటెండరు పెట్టెలను వరండాలో వదిలేయడం వల్ల పుస్తకాలు తడిశాయి." ఇందులో అబద్ధం లేదు. కానీ "వదిలేయడం" అన్న మాటలోనే తీర్పు ఉంది. దించడం వేరు, పెట్టడం వేరు, వదిలేయడం వేరు. క్రియాపదం ఎంచుకునేటప్పుడే మనం అటెండరును దోషిని చేసేశాం.

నిందించకూడదు కదా అని దీన్ని మార్చబోతే రెండో రకం వాక్యం వస్తుంది: "పుస్తకాలు తడవడం జరిగింది. కొంత అజాగ్రత్త చోటుచేసుకుంది." మన కార్యాలయాల్లో రాసే కాగితాల్లో ఈ "జరిగింది", "చోటుచేసుకుంది", "చేయబడలేదు" అన్నవి బాగా అలవాటు. ఎవరి మనసూ నొప్పించని వాక్యం ఇది, నిజమే. కానీ ఎవరికీ ఏమీ నేర్పదు. నింద లేకుండా రాయడమంటే కర్తను మాయం చేయడం కాదు. కర్త లేని వాక్యంలో కారణం కూడా కనిపించదు.

మూడో రకం వాక్యాలు రాయాలంటే అటెండరుతో కూర్చుని మాట్లాడాలి. మాట్లాడితే ఇలా తేలుతుంది: "చివరి లారీ సాయంత్రం అయిదున్నరకు వచ్చింది. కొత్త గది తాళంచెవి గుమాస్తా దగ్గర ఒక్కటే ఉంది. ఆయన పనివేళలు అయిదింటి వరకే. లారీని మరో కిరాయికి పంపాలని డ్రైవరు తొందరపెట్టాడు. అటెండరు పెట్టెలను వరండాలో దింపించి టార్పాలిన్ కప్పాడు. రాత్రి గాలివానకు టార్పాలిన్ లేచిపోయింది." ఇందులోనూ అటెండరు ఉన్నాడు. ఆయన చేసిన పని ఉంది. అయితే ఆ పని చేసినప్పుడు ఆయన ముందు ఏమేం ఉన్నాయో కూడా ఉంది. చదివిన ఎవరికైనా తాను ఆ చోటులో ఉంటే అదే చేసి ఉండేవాణ్ణి అనిపిస్తుంది. దిద్దుకోవాల్సింది కూడా కళ్ళముందే ఉంది. తాళంచెవికి రెండో ప్రతి చేయించి వాచ్‌మన్ దగ్గర పెట్టాలి.

తెలుగులో రాసేవాళ్ళు ప్రత్యేకంగా గమనించాల్సిన ప్రత్యయం ఒకటుంది. "చూసుకోవాల్సింది", "అడగాల్సింది", "ముందే చెప్పి ఉండాల్సింది" అంటుంటాం. "ఆల్సింది" అని ముగిసే వాక్యం జరిగినదాన్ని చెప్పదు, జరగనిదాన్ని చెబుతుంది. "గుమాస్తాను ఆగమని అడగాల్సింది" అన్నప్పుడు ఆ రోజు ఏం జరిగిందో మనకు కొత్తగా ఏమీ తెలియదు. రాసిన మనిషి ఇప్పుడు ఏమనుకుంటున్నాడో మాత్రం తెలుస్తుంది. చిత్తుప్రతి పూర్తయ్యాక ఎర్ర కలం పట్టుకుని ఇలా ముగిసే ప్రతి వాక్యం కిందా గీత గీయండి. గీత పడ్డ ప్రతిచోటా "మరి ఎందుకు అడగలేదు?" అని అడిగి, ఆ జవాబును వాక్యంగా మార్చండి. లారీ ఆలస్యమవుతుందని అయిదింటి దాకా ఎవరికీ తెలియదు కాబట్టి అడగలేదని తేలవచ్చు. అప్పుడు ఇంకో చిల్లు కనిపిస్తుంది. లారీ బయల్దేరే ముందు ఫోన్ చేసి చెప్పే ఏర్పాటు లేదు. వాక్యం మారితే కారణం దొరుకుతుందని చెప్పడానికి ఇదే నిదర్శనం.

అయిపోయాక అన్నీ తెలిసినట్టే ఉంటుంది

ఫలితం తెలిశాక గతాన్ని చూస్తే దారంతా తిన్నగా కనిపిస్తుంది. ఈ స్వభావాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు బారూక్ ఫిష్‌హాఫ్, రూత్ బైత్ 1975లో ప్రచురించిన ఒక పరిశోధనలో చూపించారు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాకు, సోవియట్ యూనియన్‌కు వెళ్ళే ముందు, ఆ పర్యటనల్లో ఏవేవి జరగవచ్చో ఎంత అవకాశముందో అంచనా వేయమని కొందరిని అడిగారు. పర్యటనలు ముగిశాక, అప్పుడు మీరు ఎంత అంచనా వేశారో గుర్తుచేసుకోమన్నారు. నిజంగా జరిగినవాటి విషయంలో వాళ్ళు ముందు ఇచ్చినదానికన్నా ఎక్కువ అంచనా ఇచ్చామనే అనుకున్నారు. అబద్ధం చెప్పాలని కాదు. వాళ్ళ జ్ఞాపకమే మారిపోయింది.

సమీక్షకు కూర్చున్న వాళ్ళందరి జ్ఞాపకాలూ ఇలాగే మారి ఉంటాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు కారణాల జోలికి పోకుండా ముందు కాలక్రమం రాస్తారు. తేదీ, సమయం, ఏం జరిగింది, అప్పటికి ఎవరికి ఏం తెలుసు. ఈ నాలుగో గడి లేకపోతే కాలక్రమం ఉన్నా పెద్దగా ఉపయోగం లేదు. "110 కిలోమీటర్ల అంచనా వచ్చింది" అని రాసి ఊరుకుంటే, చదివేవాడు వెంటనే "మరి ఎందుకు ఊరుకున్నారు?" అంటాడు. అప్పటికి వాళ్ళ దృష్టిలో 80 దాకా నౌక తట్టుకుంటుంది అని పక్కన రాస్తే, 110 వాళ్ళకు ప్రమాద ఘంటికలా ఎందుకు వినిపించలేదో కొంత అర్థమవుతుంది.

కాలక్రమాన్ని అందరూ కలిసి కూర్చుని చెప్పుకుంటే పెద్దవాళ్ళ మాటే అందరి జ్ఞాపకమైపోతుంది. ముందు ఎవరికి వారు విడివిడిగా రాసుకోవాలి. తర్వాత ఈమెయిళ్ళు, ఫోన్ సందేశాలు, రిజిస్టర్లు, బిల్లులు పక్కన పెట్టుకుని సరిపోల్చాలి. ఇద్దరి జ్ఞాపకాలు కలవని చోట ఎవరిది ఒప్పని తేల్చనక్కర్లేదు. రెండూ రాయాలి. ఒకే సమావేశం నుంచి ఇద్దరు రెండు రకాల నిర్ణయాలు తలకెక్కించుకుని బయటికి వచ్చారంటే, అదే ఒక పాఠం. పని ముగిసిన రెండు వారాల్లోపు ఇదంతా జరిగితే మేలు. ఆలస్యమైనకొద్దీ జ్ఞాపకం కథగా మారుతుంది.

సమావేశాన్ని నడిపే వ్యక్తి ఆ పనికి అధికారి కాకూడదు. అందరికన్నా పెద్ద హోదాలో ఉన్నవారు చివర్లో మాట్లాడాలి. అడిగే ప్రశ్న తీరు కూడా ముఖ్యమే. "మీరెందుకు అలా చేశారు?" అని ఎంత మెల్లగా అడిగినా, అది సంజాయిషీ నోటీసులాగే వినిపిస్తుంది. ఎదుటి మనిషి సమర్థించుకోవడం మొదలుపెడతాడు. "ఆ సమయానికి మీకు ఏమేం కనిపిస్తున్నాయి? ఆ క్షణంలో దేని గురించి ఎక్కువ ఆందోళనగా ఉన్నారు?" అని అడిగితే ఆయన ఆ రోజులోకి వెళ్ళి చెబుతాడు. చిన్న బృందంలో పేరు తీసేసి "అటెండరు" అని రాసినా అది ఎవరో అందరికీ తెలుసు. కాబట్టి చిత్తుప్రతిని ఆ మనిషికే మొదట చూపించాలి. "మీరు చేసింది, మీకు తెలిసింది ఇందులో సరిగ్గా ఉందా?" అని అడగాలి. ఆయన ఒప్పుకోని వాక్యంలో చాలాసార్లు మనం కనిపెట్టని నింద దాక్కుని ఉంటుంది.

నిజం చెప్పినందుకు దెబ్బ తగలకూడదు

ఇంత జాగ్రత్త ఎందుకంటే, సమీక్షకు ముడిసరుకు జనం నోటి మాటే. దాన్ని బలవంతంగా రాబట్టలేం. విమానయాన రంగం ఈ సంగతిని ముందే గుర్తించింది. అమెరికాలో 1976 నుంచి ఒక ఏర్పాటు ఉంది. పైలట్లు, విమానాల రాకపోకలను నియంత్రించేవాళ్ళు తమ పొరపాట్లను తామే రాసి పంపవచ్చు. ఆ నివేదికలను తీసుకునేది లైసెన్సులిచ్చే ప్రభుత్వ విభాగం కాదు, నాసా. శిక్షించే అధికారం లేని సంస్థ కాబట్టే దానికి అప్పగించారు. రాసినవాళ్ళ ఆనవాళ్ళు చెరిపేశాకే ఆ సమాచారాన్ని వాడతారు. కావాలని చేయని పొరపాటును పది రోజుల్లోపు ఇలా రాసి పంపినవారికి, నిబంధన అతిక్రమించారని తేలినా, మామూలుగా జరిమానా గానీ లైసెన్సు సస్పెన్షన్ గానీ ఉండదు.

ఈ ఏర్పాటుకు హద్దు కూడా గీశారు. నేరాలకు, ప్రమాదాలకు, కావాలని చేసిన అతిక్రమణలకు ఈ రక్షణ వర్తించదు. నింద లేని సమీక్ష అంటే ఎవరేం చేసినా ఊరుకోవడం అని కొందరు అపోహపడతారు. అది కాదు. డబ్బు కాజేసినా, తాగి పనిలోకి వచ్చినా, తెలిసి తెలిసి అబద్ధపు లెక్క రాసినా దానికి వేరే విచారణ ఉండాలి. ఆ విచారణను సమీక్షతో కలపకూడదు. రెండూ ఒకే బల్ల దగ్గర జరిగాయా, ఆ తర్వాత ఏ సమీక్షలోనూ ఎవరూ నోరు విప్పరు.

మరి బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు మన శ్రీహరికోటలో జరిగిన సంఘటనే జవాబు చెబుతుంది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 రాకెట్ తొలి ప్రయోగం విఫలమై, రాకెట్ బంగాళాఖాతంలో పడింది. తర్వాతి విశ్లేషణ కారణాన్ని ఒక వాల్వ్ దాకా తీసుకెళ్ళింది. ప్రయోగానికి ఎనిమిది నిమిషాల ముందు ఇచ్చిన ఆదేశంతో తెరుచుకున్న ఆ వాల్వ్ లోపల మలినం చేరి తిరిగి మూసుకోలేదు. రెండో దశను అదుపుచేసే వ్యవస్థకు కావాల్సిన నైట్రిక్ ఆమ్లం అలా కారిపోయింది. నివేదిక ఇక్కడి వరకు వచ్చింది. అప్పుడు ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం లేచి, కౌంట్‌డౌన్ చివర్లో కనబడ్డ ఆ లీకును చిన్నదిగా అంచనా వేసిన బాధ్యత తనదేనని చెప్పినట్టు తన ఆత్మకథలో రాసుకున్నారు. ఇస్రో అధిపతి సతీశ్ ధావన్ ఆయన్ను తొలగించలేదు. అదే బృందం 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. బాధ్యత తనంతట తాను తీసుకునేది. నింద ఒకరు మరొకరి మీద మోపేది. పైనున్నవారు బాధ్యత తీసుకుంటేనే కిందున్నవారు వాల్వ్ గురించి ధైర్యంగా మాట్లాడగలరు.

"జాగ్రత్తగా ఉండాలి" పాఠం కాదు

సమీక్షలో చివరి పుట సిఫారసులది. ఎక్కువ నివేదికలు ఇక్కడే నీరుగారిపోతాయి. "ఇకపై సిబ్బంది మరింత అప్రమత్తంగా ఉండాలి" అన్న వాక్యం చూశామంటే, రాసినవాళ్ళకు కారణం దొరకలేదని అర్థం. ఆ వాక్యం నింద మారువేషంలో రావడమే. అప్రమత్తంగా లేకపోవడమే కారణమని అది చెప్పకనే చెబుతుంది.

మంచి సిఫారసును ఒక్క పరీక్షతో గుర్తుపట్టవచ్చు. మూడు నెలల తర్వాత ఒక అపరిచితుడు వచ్చి అది అమలైందో లేదో తన కళ్ళతో చూసి చెప్పగలగాలి. తాళంచెవి రెండో ప్రతి వాచ్‌మన్ దగ్గర ఉందా లేదా అన్నది చూసి చెప్పవచ్చు. అప్రమత్తత పెరిగిందా లేదా అన్నది చూసి చెప్పలేం. ప్రతి సిఫారసు పక్కన చేయాల్సిన మనిషి పేరు, గడువు తేదీ ఉండాలి. నివేదిక మొత్తంలో మనుషుల పేర్లు రాయాల్సిన చోటు ఇదొక్కటే. జరిగినదానికి కాదు, జరగాల్సినదానికి. అలాంటివి మూడో నాలుగో ఉంటే చాలు. ఇరవై రాస్తే ఒక్కటీ జరగదు. అన్నింటికన్నా ముఖ్యంగా, కొత్త పని మొదలుపెట్టేవాళ్ళు మొదటి రోజే ఆ పుటను చదివేలా ఏర్పాటు ఉండాలి. బీరువాలో భద్రంగా ఉన్న పాఠం ఎవరికీ పాఠం కాదు.

నాసా బోర్డుకు ఈ సంగతి తెలుసు. నౌక పోయిన ఏడు వారాలకే నివేదిక ఇవ్వడానికి కారణం ఉంది. దాని తోడునౌక మార్స్ పోలార్ లాండర్ అప్పటికే దారిలో ఉంది. డిసెంబరు 3న అంగారకుడి మీద దిగాలి. ఆ నౌక దారి లెక్కలను మళ్ళీ సరిచూడడం లాంటి సిఫారసులు దాని కోసమే ఆ నివేదికలో రాశారు.

అయినా పోలార్ లాండర్ దక్కలేదు. దిగే వేళ దాని నుంచి సమాచారం పంపే ఏర్పాటు లేకపోవడంతో కారణాన్ని అంచనా వేయాల్సి వచ్చింది. ఎక్కువ అవకాశమున్నదని తేల్చిన కారణం ఇది. నేలకు ఇంకా 40 మీటర్ల ఎత్తున ఉండగానే ఇంజిన్లు ఆగిపోయాయి. అంతకు ముందు కాళ్ళు విప్పుకున్నప్పటి కుదుపును నేల తాకిన గుర్తుగా కంప్యూటర్ పొరబడింది. భూమ్మీద ఆ కాళ్ళను పరీక్షించారు. కానీ ఆ పరీక్షలో సెన్సర్ల తీగలు తప్పుగా కలిపి ఉండటం వల్ల లోపం బయటపడలేదు. తీగలు సరిచేశారు. పరీక్ష మాత్రం మళ్ళీ చేయలేదు.

ఇది సమీక్షకున్న హద్దును చెబుతుంది. ఒక నౌక పోయాక రాసిన నివేదిక ఆ నౌకను ముంచిన చిల్లులను చూపుతుంది. పక్క నౌకలో వేరే చిల్లు ఉంటే దాన్ని చూపలేదు. అందుకే ఆ రెండో నష్టానికి కూడా మరో సమీక్ష రాశారు. అందులోనూ వెతికింది తీగలు తప్పుగా కలిపిన చేతిని కాదు. సరిచేశాక పరీక్ష మళ్ళీ ఎందుకు జరగలేదన్నది వెతికారు. దిగేటప్పుడు సమాచారం పంపకపోవడం కూడా లోపమేనని తేల్చారు. 2004లో దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లు కిందికి దిగుతున్నంతసేపూ భూమికి సంకేతాలు పంపుతూనే ఉన్నాయి.

క్లైమేట్ ఆర్బిటర్ తర్వాత నాసా అంగారకుడి కక్ష్యలోకి పంపిన నౌక పేరు మార్స్ ఒడిస్సీ. అది 2001 అక్టోబరు 24న సురక్షితంగా కక్ష్య చేరింది, ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసింది. పౌండ్లలో లెక్క రాసిన మనిషి పేరు దాని ప్రయాణంలో ఎవరికీ అవసరం పడలేదు.